165 లీడ్ ఉండి ఫాలోఆన్ ఆడించలేదు, 8 వికెట్ల దగ్గర డ్రా. తప్పు యాడ జరిగింది?

పెన్నాఒడ్డు
జిల్లాల మధ్య నాలుగు రోజుల మ్యాచ్, అనంతపురంలో. రోజుకు 90 ఓవర్లు. మావాళ్ళు ముందు బ్యాటింగ్ చేసి 112 ఓవర్లలో 352 కొట్టినారు. అవతలివాళ్ళు 52 ఓవర్లకే 187 ఆలౌట్. లీడ్ 165. రెండో రోజు సాయంత్రం, ఇన్నింగ్స్ మారే టైము పోగా ఇంకా 12 ఓవర్లు ఉన్నాయి. మా కెప్టెన్ ఫాలోఆన్ అడగలేదు, అంటే వాళ్ళనే వెంటనే రెండోసారి బ్యాటింగ్‌కు దింపలేదు, మళ్ళీ మా బ్యాటింగ్‌కే పోయినాడు. ఆ సాయంత్రం 29/1. మూడో రోజు లంచ్‌కు 118/3. టీ అయినాక ఇంకో రెండు ఓవర్లు ఆడి 240/6 దగ్గర డిక్లేర్ చేసినాడు. టార్గెట్ 406, చేతిలో 116 ఓవర్లు. వాళ్ళు 268/8తో బయటపడినారు. రెండు వికెట్లు దొరకలేదు.

ఆరు పాయింట్లు రావాల్సిన చోట మూడు వచ్చినాయి. ఫాలోఆన్ ఆడించి ఉంటే గెలిచేవాళ్ళం కదా అని నా బాధ. తెలిసినవాళ్ళు చెప్పండి.

కొండారెడ్డిబురుజు
200 లీడ్ లేకుండా ఫాలోఆన్ ఎట్ల అడుగుతారు? 165కు రూలే ఒప్పుకోదు. కెప్టెన్‌ను అనవసరంగా తిడతాండారు.

స్కోరుబుక్కు
200 అనేది ఐదు రోజుల మ్యాచ్‌కప్పా. మూడు, నాలుగు రోజుల మ్యాచ్‌కు 150. రెండు రోజులదైతే 100, ఒక్క రోజులో రెండు ఇన్నింగ్స్ ఆడితే 75. కాబట్టి 165 సరిపోతాది. సరిగ్గా 150 ఉన్నా చాలు, 151 అక్కర్లేదు. 352 మీద వాళ్ళు తప్పించుకోవాలంటే 203 చేయాల్సింది. 187 దగ్గర ఆగిపోయినారంటే 16 పరుగులు తక్కువ.

ఇంకోటి. ఫాలోఆన్ అడిగే హక్కు ముందు బ్యాటింగ్ చేసిన జట్టుకే. అడగడం, మానడం వాళ్ళ ఇష్టం. అడిగితే అవతలి కెప్టెన్‌కు, అంపైర్లకు చెప్పాలి, ఒకసారి చెప్పినాక మాట మార్చుకునేది లేదు.

కొండారెడ్డిబురుజు
సరే, నాలుగు రోజులది అని గమనించలేదు. టీవీలో ఎప్పుడూ టెస్టులే చూస్తాం కదా, 200 అనేదే బుర్రలో ఉండిపోయింది. గబ్బాలో 2024 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా 445 మీద బుమ్రా, ఆకాశ్ దీప్ చివరి వికెట్టుకు నిలబడి 246 దాటించినప్పుడు డ్రెస్సింగ్ రూమంతా ఎగిరి గంతేసింది గుర్తుందా? ఆ లెక్కే ఇది.

దేవుని_కడప
మా పిల్లోళ్ళ మ్యాచ్‌లో ఇదే గొడవ. మూడు రోజుల మ్యాచ్, మొదటి రోజు వాన పడి ఒక్క బంతీ పడలేదు. రెండో రోజు మొదలుపెట్టినాం. మాకు 120 లీడ్ వచ్చింది. ఫాలోఆన్ అడిగితే అంపైర్లు 150 ఉండాలన్నారు. వాళ్ళు చెప్పింది కరెక్టేనా?

స్కోరుబుక్కు
లా ప్రకారం మీకే హక్కు ఉండాది. మొదటి రోజు ఒక్క బంతీ పడకపోతే, ఆట మొదలైన రోజు నుంచి మిగిలిన రోజులే లెక్క. మీది రెండు రోజుల మ్యాచ్ అయిపోయింది, 100 చాలు. టోర్నీ వాళ్ళ సొంత నిబంధనల్లో వేరే ఏమైనా రాసుంటే మాత్రం అదే చెల్లుతాది, ఆ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

దీనికి పేరున్న ఉదాహరణ 1971 కింగ్‌స్టన్. మొదటి రోజంతా వానకే పోయింది. ఇండియా 387, వెస్టిండీస్ 217. లీడ్ 170. ఐదు రోజుల టెస్టైతే కుదరదు, కానీ నాలుగు రోజులదైపోయింది కాబట్టి 150 చాలు. వాడేకర్ పోయి సోబర్స్‌కు ఫాలోఆన్ అని చెప్పేసినాడు. మ్యాచ్ డ్రానే అయింది గానీ, వెస్టిండీస్‌ను వాళ్ళ దేశంలోనే మళ్ళీ బ్యాటింగ్‌కు పంపించడం చిన్న సంగతి కాదు.

దేవుని_కడప
మరి సాయంత్రం నాలుగింటికి ఒక ఐదు ఓవర్లు పడుంటే?

స్కోరుబుక్కు
అప్పుడు ఆ రోజు మొత్తం లెక్కలోకి వస్తాది. ఎన్ని గంటలకు మొదలైందన్నది చూడరు. మూడు రోజుల మ్యాచ్‌గానే ఉంటాది, 150 కావాలి. రెండో రోజో మూడో రోజో వాన పడితే కూడా లెక్క మారదు, మొదలయ్యేదానికి ముందు పోయిన రోజులకే ఈ సవరణ.

లాంగాన్63
పెన్నాఒడ్డు తమ్ముడి మ్యాచ్‌కు వద్దాం. ఫాలోఆన్ ఆడించకపోవడం తప్పు కాదు. ఆ 52 ఓవర్లు ఎవరెవరు వేసినారో చెప్పు ముందు. అది తెలియకుండా ఎవరు చెప్పినా గాల్లో మాటే.

పెన్నాఒడ్డు
మెయిన్ సీమర్ 17, రెండో అతను 14, లెఫ్టార్మ్ స్పిన్నర్ 15, నాలుగో బౌలర్ 6. మే నెల, ఎండ మామూలుగా లేదు.

లాంగాన్63
అదిగో. మే ఎండలో ఒకే రోజు 17 ఓవర్లు వేసినోడిని వెంటనే ఇంకో కొత్త బంతి ఇచ్చి పరిగెత్తిస్తే రెండు మూడు ఓవర్లు బాగా వేస్తాడు, ఆ తర్వాత బంతి లెగ్ సైడ్ జారడం మొదలైతాది. అలిసిన సీమర్‌ను పట్టుకోవడం సులువు. వేగం తగ్గక ముందే లైన్ పోతాది, ఫాలోత్రూ సగంలో ఆగిపోతాది. కోల్‌కతా 2001లో ఏమైంది? ఆస్ట్రేలియా 445, మనం 171. 274 లీడ్‌తో ఫాలోఆన్ ఆడించినారు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, నాలుగో రోజు పొద్దంతా ఒక్క వికెట్ పడలేదు. 657/7 డిక్లేర్, వాళ్ళు 212 ఆలౌట్. ఆ రోజు నుంచి కెప్టెన్లు ఫాలోఆన్ అంటేనే వెనకడుగు వేస్తాండారు, న్యాయమే.

తుంగభద్ర_స్పిన్
అన్నా, ఆ ఒక్క మ్యాచ్ చూసి ఇరవై ఐదేండ్లు భయపడడం న్యాయం కాదు. టెస్టుల్లో ఫాలోఆన్ ఆడి గెలిచిన మ్యాచ్‌లు నాలుగే. 1894 సిడ్నీ, 1981 హెడింగ్లీ, 2001 కోల్‌కతా, 2023 వెల్లింగ్టన్. నూట ముప్పై ఏండ్లలో నాలుగు. గుర్తుండిపోతాయి కాబట్టి ఎక్కువ అనిపిస్తాయి.

లాంగాన్63
ఓటమి ఒక్కటే లెక్క కాదు తమ్ముడూ. బౌలర్లు అరిగిపోయి డ్రా అయినవి ఎన్నో ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో ఢిల్లీలో చూడు, వెస్టిండీస్ 248కి ఆలౌట్, 270 వెనక. ఫాలోఆన్‌లో 390 కొట్టినారు. మనవాళ్ళు రెండు ఇన్నింగ్స్ కలిపి వరుసగా దాదాపు 200 ఓవర్లు వేయాల్సి వచ్చింది.

తుంగభద్ర_స్పిన్
వేసి గెలిచినారు కదా! 121 టార్గెట్, 7 వికెట్ల తేడాతో. నువ్వు చెప్పిన ఉదాహరణ నా పక్కనే నిలబడింది.

ఉగ్గాణిబజ్జి
మామా, ఇద్దరూ కాఫీ తాగి రండి, స్కోరుబుక్కు లెక్క చెప్పేదాకా ఆగుదాం 😄

స్కోరుబుక్కు
లెక్కే చేద్దాం, ఎందుకంటే ఈ మ్యాచ్‌లో కావాల్సిన అంకెలన్నీ పెన్నాఒడ్డు ఇచ్చేసినాడు.

ఫాలోఆన్ వల్ల వచ్చేది పరుగులు కాదు, ఓవర్లు. మీ రెండో ఇన్నింగ్స్ 74 ఓవర్లు తినింది. సాయంత్రం 12, మూడో రోజు 62. ఫాలోఆన్ ఆడించి ఉంటే ఆ 74 మీ బౌలర్ల చేతిలో ఉండేవి. రెండో రోజు 12, ఆ తర్వాత రెండు రోజులు, మొత్తం 192 ఓవర్లు.

ఇప్పుడు వాళ్ళు రెండోసారి కూడా ఆడినట్టే ఆడినారనుకో. 116 ఓవర్లకు 268/8. మిగిలిన రెండు వికెట్లకు ఇంకో 14 ఓవర్లు, 30 పరుగులు వేసుకుందాం. 130 ఓవర్లలో 298 ఆలౌట్. అందులో మీ 165 తీసేస్తే 133. మీకు టార్గెట్ 134. ఇన్నింగ్స్ మారేదానికి రెండు ఓవర్లు పోయినా 60 ఓవర్లు మిగులుతాయి. ఓవర్‌కు రెండుంపావు. నాలుగో రోజు పిచ్ ఎంత పగిలినా అది కొట్టగలిగే లెక్కే.

లాంగాన్ అన్న చెప్పిన అలసట నిజమే, కాదనను. అయితే ఆ రోజు మిగిలింది 12 ఓవర్లే. మెయిన్ సీమర్‌తో నాలుగు, రెండో అతనితో మూడు, మిగతావి స్పిన్నర్‌తో వేయించి ఇంటికి పంపించొచ్చు. రాత్రంతా విశ్రాంతి. అదే వాళ్ళు లంచ్‌కు ఆలౌట్ అయ్యుంటే నేను కూడా మళ్ళీ బ్యాటింగే అనేవాడిని. ఆలౌట్ అయిన టైమును బట్టి నిర్ణయం మారాల, మీ కెప్టెన్ అది చూడలేదనిపిస్తాది.

లాంగాన్63
130 ఓవర్లలో ఆలౌట్ అవుతారని ఊహించుకున్నావు. అలిసిన బౌలర్లతో అది 150 కావచ్చు, 298 కాస్తా 350 కావచ్చు. అప్పుడు టార్గెట్ 186, ఓవర్లు 40. అది నాలుగో రోజు పగిలిన పిచ్ మీద.

స్కోరుబుక్కు
కావచ్చు. అదే నిజమైన బెరుకు, దానికి నా దగ్గర జవాబు లేదు. పిచ్ చూసినోడే చెప్పాల.

మిడాఫ్_మామ
మీరంతా ఫాలోఆన్ పట్టుకొని కొట్టుకుంటాండారు. నా కండ్లకు ఫాలోఆన్ కాదు, డిక్లరేషన్ కనపడతాంది. టీ అయినాక రెండు ఓవర్లు ఎందుకు ఆడినారు? ఎవరో సెంచరీ దగ్గర ఉండాల.

పెన్నాఒడ్డు
అవును మామా. నాలుగో నంబర్ టీకి 94. రెండు ఓవర్లలో వంద చేసినాడు, వెంటనే డిక్లేర్.

ఉగ్గాణిబజ్జి
ఆ రెండు ఓవర్ల వల్లే మ్యాచ్ పోయింది! 2004 ముల్తాన్‌లో సచిన్ 194 మీద ఉన్నా ద్రావిడ్ డిక్లేర్ చేయలా? 675/5 దగ్గర. ఇన్నింగ్స్ 52 పరుగులతో గెలిచినారు.

మిడాఫ్_మామ
రెండు కాదు, నాలుగు ఓవర్లు పోయినాయి. ఎట్లంటే, టీకే డిక్లేర్ చేసి ఉంటే ఇన్నింగ్స్ మధ్య పది నిమిషాల విరామం టీ బ్రేక్‌లోనే కలిసిపోయేది. ఒక్క ఓవర్ కూడా కోత పడదు. టీ అయినాక రెండు ఓవర్లు ఆడి డిక్లేర్ చేస్తే, ఆ రెండు ఓవర్లు పోయినాయి, మళ్ళీ పది నిమిషాలు గ్రౌండ్ ఖాళీ, దానికి ఇంకో రెండు ఓవర్ల కోత. అందుకే లంచ్, టీ, రాత్రి విరామం దగ్గర డిక్లేర్ చేయడం అలవాటు చేసుకోవాలంటాను. రెండు వికెట్లు తక్కువైనప్పుడు 24 బంతులు చిన్నవి కావు.

అయినా ఆ నాలుగు ఓవర్లు మాత్రమే కారణం అంటే ఆ కుర్రాడికి అన్యాయం. అసలు నష్టం లంచ్‌కూ టీకీ మధ్య జరిగింది.

పదకొండోనంబర్
అడుగుతాండా, ఓవర్ మధ్యలో డిక్లేర్ చేయొచ్చా? లేదా ఓవర్ అయిపోవాలా?

స్కోరుబుక్కు
బంతి డెడ్ అయితే చాలు, ఓవర్ పూర్తి కానక్కర్లేదు. బయటి నుంచి చేయి ఊపినా సరే, అంపైర్లకు, అవతలి కెప్టెన్‌కు మాత్రం తెలియజేయాలి. వెనక్కి తీసుకునేది ఉండదు.

తుంగభద్ర_స్పిన్
మిడాఫ్ మామా, లంచ్-టీ మధ్య సంగతి వివరంగా చెప్పు. లంచ్‌కు లీడ్ 283. అప్పుడే డిక్లేర్ చేయాల్సిందంటావా?

మిడాఫ్_మామ
లంచ్‌కు కాదు. 284 టార్గెట్, 150 ఓవర్లు అంటే ఓవర్‌కు రెండు కూడా అక్కర్లేదు, అది దానం. లంచ్ అయినాక 14 ఓవర్లు ధాటిగా ఆడమని చెప్పి, ఒక 55 వేసుకొని, 338 లీడ్‌తో ఆపేసి ఉండాల్సింది. విరామం తీసేస్తే 134 ఓవర్లు దొరుకుతాయి. ఓవర్‌కు రెండున్నర.

ఇందులో రెండు లాభాలు. మొదటిది, రెండున్నర అంటే వాళ్ళకు ఆశ పుడతాది. ఆశ ఉన్న జట్టు డ్రైవ్ ఆడతాది, స్పిన్నర్ మీదికి ముందుకొస్తాది, స్లిప్పులో బంతి పడతాది. 406 అని చూడగానే మొదటి ఓవర్ నుంచే ప్యాడ్ ముందుకు పెట్టి కూర్చున్నారు. 116 ఓవర్లలో 268 అంటే ఓవర్‌కు 2.3, వాళ్ళు గెలవాలని ఒక్క గంట కూడా ఆడలేదు.

రెండోది కొత్త బంతి. 80 ఓవర్ల తర్వాత వస్తాది కదా. మీరు మూడో రోజు 26 ఓవర్లు వేసినారు. అంటే చివరి రోజు 54 ఓవర్లు పాత బంతితో వేసి, టీకి కాస్త ముందు కొత్తది తీసుకున్నారు. ఎండలో రోజంతా వేసి, కొత్త బంతి వచ్చేసరికి సీమర్ల పని అయిపోయింది. నేను చెప్పినట్టు చేసుంటే మూడో రోజే 44 ఓవర్లు పడతాయి. చివరి రోజు 36 ఓవర్లకే, లంచ్ తిని దిగిన కాసేపటికే, కొత్త బంతి చేతికొస్తాది. ఇంకా 54 ఓవర్లు మిగిలి ఉంటాయి. రెండో కొత్త బంతి ఏ టైముకు రావాలో ముందు రాసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి డిక్లేర్ చేసే టైము పట్టుకోవాల.

లాంగాన్63
కొత్త బంతి మాట నచ్చింది. కానీ 338 పెట్టి ఓడిపోయినోళ్ళను కూడా చూడాల. 1968 పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సోబర్స్ 92/2 దగ్గర డిక్లేర్ చేసి ఇంగ్లాండ్‌కు 165 నిమిషాల్లో 215 పెట్టినాడు. 7 వికెట్లతో కొట్టేసినారు. ఆ సిరీస్ కూడా అట్లే పోయింది.

తుంగభద్ర_స్పిన్
ఇంకో వైపు కూడా ఉండాది. 2009 వెల్లింగ్టన్‌లో మనకు 182 లీడ్, ఐదు రోజుల టెస్టు కాబట్టి ఫాలోఆన్‌కు రూలే కుదరదు. 434/7 దాకా పోయి 617 టార్గెట్ పెట్టినాం. 281/8 దగ్గర వాన వచ్చి డ్రా. పెన్నాఒడ్డు మ్యాచ్‌కు అచ్చు అన్నలాంటిది.

కొండారెడ్డిబురుజు
2018 మెల్‌బోర్న్ ఎవరూ చెప్పలేదే? 292 లీడ్ ఉన్నా కోహ్లీ ఫాలోఆన్ ఆడించలేదు. 106/8 డిక్లేర్ చేసి 137 పరుగులతో గెలిచినారు. మళ్ళీ బ్యాటింగ్ చేసినా గెలుస్తారు.

మిడాఫ్_మామ
సరిగ్గా చెప్పినావు. ఆడ ఎనిమిది వికెట్లు పోయినా పట్టించుకోలేదు చూడు. ఎక్కువసేపు ఆడాలని కాదు, బౌలర్లకు కాస్త ఊపిరి, పిచ్‌కు ఇంకాస్త అరుగుదల, అంతే. పని అయిపోగానే డిక్లేర్. పెన్నాఒడ్డు వాళ్ళది 74 ఓవర్ల బ్యాటింగ్.

స్కోరుబుక్కు
ఇంకో సంగతి ఎవరూ తాకలేదు, పాయింట్లు. టోర్నీలో రంజీ పద్ధతి అయితే గెలిస్తే 6, ఇన్నింగ్స్‌తోనో పది వికెట్లతోనో గెలిస్తే 7, డ్రాలో మొదటి ఇన్నింగ్స్ లీడ్ ఉన్నోళ్ళకు 3, లేనోళ్ళకు 1. ఓడితే సున్న. రెండో రోజు సాయంత్రానికే మీ కెప్టెన్ జేబులో 3 ఉన్నాయి. ఇంకా 3 సంపాదించాలంటే ఉన్న 3 పణంగా పెట్టాలి. ఓడిపోయే అవకాశం కంటే గెలిచే అవకాశం ఎక్కువ అనిపిస్తేనే చిన్న టార్గెట్ పెట్టడం న్యాయం. 2007 ఓవల్‌లో ద్రావిడ్ 319 లీడ్ ఉన్నా ఫాలోఆన్ ఆడించలేదు. సిరీస్‌లో 1-0 ముందున్నాడు, డ్రా చాలు. 500 పెట్టి, 369/6 దగ్గర డ్రా అయి, సిరీస్ గెలిచినాడు. ఆ రోజు తిట్టినోళ్ళు ఉన్నారు, కానీ ఆయనకు కావాల్సింది ఆయన తీసుకున్నాడు.

పెన్నాఒడ్డు, మీకు ఆ మ్యాచ్‌కు ముందు పాయింట్లు ఎన్ని? డ్రాతో పైకి పోయే దారి ఉందా?

పెన్నాఒడ్డు
లేదు సార్. పైకి పోవాలంటే గెలవాల్సిందే. 3 పాయింట్లతో ఇంటికే.

స్కోరుబుక్కు
అట్లైతే ఆ 3ను కాపాడుకునే అవసరమే లేదు. ఓడినా ఇంటికే, డ్రా అయినా ఇంటికే. ఆ పరిస్థితిలో 406 పెట్టడం నాకు అర్థం కావడం లేదు. ఫాలోఆన్ ఆడించి ఉండొచ్చు, మామ చెప్పిన 338 పెట్టి ఉండొచ్చు, రెండిట్లో ఏదైనా సరే.

లాంగాన్63
ఈ మాట ముందే చెప్పుంటే నేను ఇంత వాదించేవాడిని కాదు. గెలుపు తప్ప గతి లేనప్పుడు నేను కూడా ఆ సాయంత్రం 12 ఓవర్లకు ఫాలోఆన్ అనేవాడినేమో. కానీ ఆ మెయిన్ సీమర్‌కు నాలుగు ఓవర్లు కాదు, రెండే ఇచ్చేవాడిని.

పదకొండోనంబర్
వాళ్ళు ఫాలోఆన్ తప్పించుకోలేమని తెలిసి ముందే డిక్లేర్ చేసుంటే? అప్పుడు ఫాలోఆన్ అడగొచ్చా?

స్కోరుబుక్కు
అడగొచ్చు. ఆలౌట్ అయినా, డిక్లేర్ చేసినా లీడ్ 150 ఉంటే చాలు. అందుకే వెనకబడిన జట్టు డిక్లేర్ చేయాలనుకుంటే ముందు ఆ 203 దాటి, ఆ తర్వాత చేస్తాది.

దేవుని_కడప
రోలర్ సంగతి ఏమి? ఫాలోఆన్‌లో రోలర్ ఎవరిది?

మిడాఫ్_మామ
బ్యాటింగ్ చేసే జట్టు కెప్టెన్‌ది, ఏడు నిమిషాలకు మించకుండా. కాబట్టి ఫాలోఆన్ అనగానే అవతలి కెప్టెన్ హెవీ రోలర్ అడుగుతాడు, పైన లేచిన పొడి అణిగి ఒక గంట పిచ్ కుదురుగా ఉంటాది. ఆ గంటలో వికెట్ పడలేదని కంగారు పడొద్దు.

పెన్నాఒడ్డు
పిచ్ గురించి ఒక మాట చెప్పడం మర్చిపోయినా. మూడో రోజు లంచ్‌కే స్పిన్నర్ ఎండ్‌లో గుడ్ లెంగ్త్ మీద పగుళ్ళు కనపడినాయి. చివరి రోజు మా లెఫ్టార్మర్ 41 ఓవర్లు వేసి 5 వికెట్లు తీసినాడు.

తుంగభద్ర_స్పిన్
41 ఓవర్లు! అంటే ఒక ఎండ్ దాదాపు మొత్తం అతనిదే. పగుళ్ళు ముందే కనపడినాయంటే నాలుగో ఇన్నింగ్స్ మీరు ఆడటం కష్టమని కెప్టెన్ భయపడి ఉంటాడు. ఫాలోఆన్‌లో 134 టార్గెట్ ఆ పగుళ్ళ మీద, అవతలి స్పిన్నర్ ఎట్లాంటోడు?

పెన్నాఒడ్డు
ఆఫ్ స్పిన్నర్. మొదటి ఇన్నింగ్స్‌లో మావాళ్ళవి 4 తీసినాడు.

లాంగాన్63
చూసినారా, ఇది ఇంకో కథ. మీ టాపార్డర్‌లో ఎడమచేతి బ్యాట్స్‌మెన్ ఎంతమంది?